మీటింగ్ క్లాష్ అయినప్పుడు: రెండు లైన్ల జవాబు ఎక్కడ తేడా కొడుతుంది?

ఒకే టైముకి రెండు మీటింగులు పడటం ఎవరికైనా జరిగేదే. ఒకదానికి రాలేమని చెబుతూ పంపే జవాబు దగ్గరే అసలు చిక్కు వస్తుంది. దాన్ని ఒక్క సందర్భం పట్టుకుని చూద్దాం.

గురువారం 14వ తేదీ ఉదయం 11 నుంచి 11.30 వరకు బడ్జెట్ గురించి మాట్లాడదామని మేనేజర్ మేడమ్ ఇన్వైట్ పంపారు. మీకేమో ఆ రోజు 10.30 నుంచి 11.30 వరకు క్లయింట్‌తో రివ్యూ ముందే ఖరారై ఉంది. ఆవిడకి వెళ్లాల్సిన జవాబు ఇంతే:

> మేడమ్, గురువారం 11 గంటలకు నాకు క్లయింట్ రివ్యూ ముందే ఖరారైంది, అందుకని ఈ మీటింగ్‌కి రాలేకపోతున్నాను.
> అదే రోజు మధ్యాహ్నం 3 నుంచి 3.30 గానీ, శుక్రవారం 15న ఉదయం 10.30 నుంచి 11 గానీ మీకు వీలవుతుందా?

మొదటి లైను పాత టైము సంగతి తేల్చేస్తుంది. రెండో లైను ఆవిడ "3కి సరే" అని ఒక్క మాటలో ముగించేలా కొత్త టైము ఇస్తుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి సరిగ్గా లేకపోయినా కింద చెప్పిన తలనొప్పుల్లో ఏదో ఒకటి మొదలవుతుంది.

సమస్య: రాలేనని చెప్పాను, అయినా నా కోసం ఎదురుచూశారు

మీరు నిజంగా ఏం రాశారో ఒకసారి తిరిగి చదవండి. "ఆ టైముకి కొంచెం కష్టమే మేడమ్, చూస్తాను" అని ఉంటే, అందులో రాలేనన్న మాటే లేదు. మొహమాటం కొద్దీ మనం "కష్టం" అంటాం. అవతలివాళ్లు మాత్రం "చూస్తాను" అన్న ముక్కనే పట్టుకుంటారు. మీటింగ్ మొదలైన ఐదు నిమిషాలకు "ఎక్కడున్నారు?" అని మెసేజ్ వస్తుంది.

రెండో కారణం బటన్. Decline నొక్కడం బాగుండదేమోనని చాలామంది Tentative నొక్కి, రాలేనని మాత్రం మెసేజ్‌లో రాస్తారు. పిలిచినవాళ్లు ఎవరెవరు వస్తున్నారో చూసుకునేది సాధారణంగా మీటింగ్‌లోని పేర్ల జాబితాలో. అక్కడ మీ పేరు పక్కన "రావచ్చు" అన్న అర్థమే కనబడుతుంది. అంటే మీరు రాసింది ఒకటి, నొక్కింది ఇంకొకటి.

పరిష్కారం: "రాలేకపోతున్నాను" అని తేల్చి రాసి, Decline నొక్కండి. ఆ బటన్ నొక్కడం మర్యాద తప్పడం కాదు. మర్యాద అంతా దాని వెంట వెళ్లే రెండు లైన్లలో ఉంటుంది. క్లయింట్ రివ్యూయే వాయిదా పడే అవకాశం నిజంగా ఉంటే మాత్రం Tentative సరైనదే. అప్పుడు "రివ్యూ జరుగుతుందో లేదో రేపు సాయంత్రం 5 లోపు ఖాయంగా చెబుతాను" అని గడువు కలపాలి.

సమస్య: ఒక్క టైము కుదుర్చుకోవడానికి మెయిళ్లు తెగడం లేదు

"మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పండి, నేను సర్దుకుంటాను." వినడానికి ఎంత వినయంగా ఉంది! కానీ పని మొత్తం తిరిగి ఆవిడ మీదే పడింది. మీ క్యాలెండర్ ఎలా ఉందో ఆవిడకి తెలియదు కాబట్టి "శుక్రవారం?" అంటారు. మీరు "ఎన్నింటికి మేడమ్?" అంటారు. "4కి." "అయ్యో, 4కి ఇంకోటి ఉంది." అరగంట మీటింగ్ కోసం అరడజను మెయిళ్లు. "వచ్చే వారం ఎప్పుడైనా" అన్నా ఇదే గతి.

పరిష్కారం: మీరే రెండు టైములు ఇవ్వండి. వారం, తేదీ, మొదలయ్యే టైము, ముగిసే టైము, నాలుగూ ఉండాలి. ముగిసే టైము ఎందుకంటే, ఆవిడ అడిగింది అరగంట. మీరు ఇస్తున్నదీ అరగంటేనా అన్న అనుమానం రాకూడదు.

రెండే ఎందుకు? ఒక్కటి ఇస్తే, అది కుదరకపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. నాలుగైదు ఇస్తే వాటన్నిటినీ జవాబు వచ్చేదాకా మీరు ఖాళీగా పెట్టుకోవాలి, ఈలోపు వాటిలో ఒకదాని మీద ఇంకెవరైనా ఇన్వైట్ పెట్టేస్తారు. ఆ రెండింటినైనా మీ క్యాలెండర్‌లో తాత్కాలికంగా బ్లాక్ చేసి ఉంచండి, ఒకటి ఖాయమయ్యాక రెండోది తీసేయండి. ఈ చిన్న పని చేయకపోవడం వల్లే తానే ఇచ్చిన టైముకి తానే రాలేనని చెప్పుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. దానికి మర్యాదగా ఎలా రాయాలో నాకూ తెలియదు.

ఇంకో సంగతి. రెండు టైములూ దూరంగా ఉండాలి. "3కి గానీ 3.30కి గానీ" అన్నది చూడటానికి రెండు, నిజానికి ఒకటే. ఆవిడ ఆ మధ్యాహ్నమంతా వేరే పనిలో ఉంటే రెండూ పోయినట్టే. ఒకటి మధ్యాహ్నం, ఇంకొకటి మర్నాడు ఉదయం ఇస్తే ఏదో ఒకటి నిలిచే అవకాశం ఎక్కువ.

సమస్య: ఇచ్చిన కొత్త టైము కూడా క్లాష్ అయింది

కారణం చాలాసార్లు ఒకటే, మన క్యాలెండర్ మాత్రమే చూసుకున్నాం. ఒకే ఆఫీసులో ఉన్నవాళ్లయితే అవతలివాళ్లు ఎప్పుడు ఖాళీగా ఉన్నారో మామూలుగా మీకూ కనబడుతుంది. ఔట్‌లుక్‌లో Scheduling Assistant, గూగుల్ క్యాలెండర్‌లో Find a time అందుకే ఉన్నాయి. బయటి సంస్థవాళ్ల క్యాలెండర్ సాధారణంగా కనబడదు. అక్కడ రెండు టైములు ఇవ్వడమే మన చేతిలో ఉన్న జాగ్రత్త.

మన ఉదాహరణలో 11.30కే బడ్జెట్ మీటింగ్ పెట్టమని ఎందుకు అడగలేదు? మీరు అప్పటికి ఖాళీయే కదా. కాగితం మీద ఖాళీయే. కానీ క్లయింట్ రివ్యూలు అనుకున్న టైముకి ముగిస్తే అదొక వింత. ఒకదాని వెనకే ఇంకొకటి తగిలిస్తే మొదటిది సాగి రెండోదానికి ఆలస్యంగా చేరతారు, వాయిదా అడిగిన మనిషే లేటుగా వచ్చినట్టవుతుంది.

మీటింగ్ దేనికోసమో కూడా చూడండి. శుక్రవారం మధ్యాహ్నానికి బడ్జెట్ లెక్కలు పైకి పంపాలని ఇన్వైట్‌లో రాసి ఉంటే, మీరు సోమవారం ఇచ్చి లాభం లేదు. పైగా ఇన్వైట్ చదవలేదని తెలిసిపోతుంది. అందుకే మన జవాబులో రెండు టైములూ ఆ గడువుకు ముందే ఉన్నాయి.

వేర్వేరు దేశాల్లో ఉన్నవాళ్లతో అయితే ఇంకో తిరకాసు ఉంది. ఇన్వైట్‌లోని టైమును క్యాలెండర్ ఎవరి ప్రాంతానికి తగ్గట్టు వాళ్లకి మార్చి చూపిస్తుంది. మీరు మెసేజ్‌లో చేత్తో టైప్ చేసిన "3 గంటలు" మాత్రం అలాగే ఉంటుంది. "మీ టైము ప్రకారం ఉదయం 9.30" అని వాళ్ల టైములో రాయడం అన్నిటికంటే క్షేమం. అలాగే "ఈ శుక్రవారం", "వచ్చే శుక్రవారం" అన్న మాటలను ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కవేస్తారు, పక్కన తేదీ ఉంటే ఆ గొడవే ఉండదు.

సమస్య: Decline నొక్కాను, కానీ నేను ఇచ్చిన కొత్త టైము వాళ్లకి తెలియనే తెలియదు

ఔట్‌లుక్‌లో Decline పక్కన ఉండే మెనూలో జవాబు రాసి పంపే ఆప్షన్ ఉంటుంది, జవాబే పంపకుండా తిరస్కరించే Do Not Send a Response కూడా ఉంటుంది. తొందరలో రెండోది నొక్కితే మీ క్యాలెండర్‌లోంచి మీటింగ్ పోతుంది, పిలిచినవాళ్లకి ఏమీ చేరదు. మీరు మాత్రం చెప్పేశాననే అనుకుంటారు.

కొత్త టైము సూచించడానికి ఔట్‌లుక్‌లో Decline and Propose New Time, గూగుల్‌లో Propose a new time ఉన్నాయి. మంచివే. కానీ అవి మీటింగ్‌ను కదిలించవు, సూచన మాత్రమే పంపుతాయి. పిలిచినవాళ్లు దాన్ని తెరిచి ఒప్పుకుంటేనే టైము మారుతుంది. ఔట్‌లుక్‌లో పిలిచినవాళ్లు ఆ సదుపాయాన్ని ముందే ఆపేసి ఉండొచ్చు. ప్రతి వారం జరిగే మీటింగ్ అయితే మొత్తం వరుసకి కొత్త టైము సూచించడానికి ఉండదు, ఏదో ఒక రోజుది తెరిచి దానికే సూచించాలి. మీరొక క్యాలెండర్, వాళ్లొక క్యాలెండర్ వాడుతుంటే ఆ సూచన సరిగ్గా కనబడకపోవచ్చు కూడా.

పరిష్కారం: బటన్ వాడినా సరే, ఆ రెండు లైన్లూ మెసేజ్‌లో రాయండి. బటన్ సూచన ఒక్క టైమే మోసుకెళ్తుంది, రెండోది ఎలాగూ మాటల్లోనే చెప్పాలి. ఔట్‌లుక్‌లో Decline నొక్కాక మీటింగ్ సాధారణంగా క్యాలెండర్‌లోంచి మాయమవుతుంది కాబట్టి, అందులోని వివరాలు కావాలంటే ముందే చూసుకోండి.

సమస్య: జవాబు విసుక్కున్నట్టు ఉంది, లేదా బతిమాలినట్టు ఉంది

"ఆ టైముకి బిజీ. 3కి పెట్టండి." ఇందులో విషయం అంతా ఉంది, కానీ చదివినవాళ్లకి చురుక్కుమంటుంది. "బిజీ" అంటే మీ మీటింగ్ నాకు అంత ముఖ్యం కాదన్నట్టు వినిపిస్తుంది. "ముందే ఖరారైంది" అంటే ఏది ముందు వచ్చిందో చెప్పినట్టు మాత్రమే. "పెట్టండి" బదులు "వీలవుతుందా?" అంటే నిర్ణయం ఆవిడ చేతిలోనే ఉంటుంది. ఇంతకు మించి వినయం అక్కర్లేదు.

దీనికి ఎదురు కొసన "చాలా చాలా సారీ మేడమ్, దయచేసి ఏమీ అనుకోవద్దు, నిజంగా రావాలనే ఉంది కానీ..." అంటూ మొదలయ్యే జవాబు ఉంటుంది. ఫోన్‌లో మెయిల్ తెరవకుండానే కనబడే కాస్త భాగం ఈ సారీలతోనే నిండిపోతుంది. అసలు టైము నాలుగో లైనులో ఎక్కడో ఉంటుంది, ఆవిడ అక్కడిదాకా వెళ్లకపోవచ్చు.

క్లాష్ సొంత పని వల్ల అయితే "అదే టైముకి ముందే ఒప్పుకున్న పని ఉంది" అంటే చాలు, సంజాయిషీ ఎవరూ అడగరు. లేని మీటింగ్ ఉందని మాత్రం రాయొద్దు. మీరు ఖాళీగా ఉన్నారో లేదో ఆఫీసులో చాలామందికి కనబడుతూనే ఉంటుంది.

సమస్య: పన్నెండు మందిని పిలిచిన మీటింగ్, నాకొక్కడికే క్లాష్

ఇక్కడ కొత్త టైము అడిగితే పదకొండు మంది క్యాలెండర్లు కదలాలి. మీరు లేనిదే నిర్ణయం జరగదంటే తప్ప ఆ పని చేయకండి. మొదటి లైను అలాగే ఉంచి, రెండోది మార్చండి: "నా వైపు లెక్కలు బుధవారం సాయంత్రానికల్లా పంపిస్తాను. వాటి మీద ఏమైనా అడగాలంటే గురువారం 3 నుంచి 3.30 వరకు మీకోసం ఖాళీగా ఉంటాను." ఇది పిలిచినవాళ్లకి మాత్రమే వెళ్లాలి. అందరికీ వెళ్లిందంటే ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తమ టైములు చెప్పడం మొదలుపెడతారు.

సమస్య: మీటింగ్‌కి గంట ముందు క్లాష్ బయటపడింది

అప్పుడు మెయిల్ మీద ఆధారపడొద్దు, వాళ్లు చూడకపోవచ్చు. ముందు ఫోన్ గానీ చాట్ గానీ చేసి, ఆ తర్వాతే Decline నొక్కండి. ఆలస్యం మీ వైపుదే కాబట్టి ఇక్కడ ఒక్క సారీ చెప్పి తీరాలి: "సారీ మేడమ్, 11కి క్లయింట్ రివ్యూ ఉన్న సంగతి ఇప్పుడే చూసుకున్నాను, రాలేకపోతున్నాను. ఈ రోజే 3కి గానీ 5కి గానీ మీకు వీలైతే నేనే కొత్త ఇన్వైట్ పంపుతాను."