టెండరు లేఖలు – 4వ పాఠం: సీఏఆర్ బీమా ఉందని చూపించే కవరింగ్ లెటర్

గత పాఠంలో అనుభవ పత్రాల లేఖ రాశాం. ఈసారి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ, అంటే సీఏఆర్.

ఒక ఊహా టెండరు తీసుకుందాం. తాగునీటి పైపులైను పని, అంచనా విలువ 8 కోట్లు. పైపులు శాఖే ఇస్తుంది, వాటి విలువ కోటిన్నర. గడువు 12 నెలలు, ఆ తర్వాత 24 నెలల లోపాల బాధ్యత. మన దగ్గర ఒక్కో సైటుకు 10 కోట్ల పరిమితితో వార్షిక పాలసీ ఉంది. వేరే సైటు పేరు మీద తీసుకున్న పాలసీ అయితే ఇక్కడ పనికిరాదు.

ముందుగా బీమా మొత్తం. చాలామంది 8 కోట్లే వేస్తారు. శాఖ ఇచ్చే పైపులు కూడా కలపాలి కాబట్టి కావలసింది 9.5 కోట్లు. 8 కోట్లకే చేయించుకుంటే, వరదలో 19 లక్షల నష్టం జరిగినా కంపెనీ 8/9.5 వంతున లెక్కగట్టి 16 లక్షలకే ఒప్పుకుంటుంది. అందులోంచి మన వాటా, అంటే ఎక్సెస్, మళ్లీ తీసేస్తుంది. బిడ్లు పరిశీలించే కమిటీలో ఈ లెక్క తెలిసినవాళ్లు ఒకరైనా ఉంటారు.

లేఖలో ప్రధాన పేరా ఇలా ఉండాలి (ఇంగ్లీషులో పంపినా ఇదే వరస):

"మా వార్షిక సీఏఆర్ పాలసీలో ఒక్కో సైటుకు పరిమితి రూ.10 కోట్లు. టెండరు నోటీసులోని అంచనా విలువ రూ.8 కోట్లు, శాఖ సరఫరా చేసే సామగ్రి రూ.1.5 కోట్లు కలిపి రూ.9.5 కోట్లు ఆ పరిమితిలోపే ఉన్నాయి. మూడో పక్షం నష్టాలకు ఒక్కో ప్రమాదానికి రూ.25 లక్షల రక్షణ ఉంది; టెండరు కోరినది రూ.10 లక్షలు. పని మాకు దక్కితే ఈ సైటును పాలసీలో చేర్పించి, శాఖ, మా సంస్థల ఉమ్మడి పేర్లతో ఎండార్స్‌మెంటును పని మొదలయ్యేలోపు సమర్పిస్తాము. లోపాల బాధ్యత గడువు ముగిసేదాకా పాలసీని కొనసాగిస్తాము. పాలసీ షెడ్యూలు జతపరిచాము."

'అంచనా విలువ' అని ఎందుకు రాశామో గమనించండి. రెండు కవర్ల టెండరులో ఈ లేఖ టెక్నికల్ కవర్లో వెళ్తుంది. బీమా మొత్తం చూపించే తొందరలో అక్కడ మీ కోట్ ధర రాస్తే ధర ముందే బయటపడినట్టే, బిడ్ తిరస్కరణకు అదొక్కటి చాలు. 'ప్రీమియం శాఖ భరిస్తే' లాంటి మాట చేర్చినా షరతులతో కూడిన బిడ్ అయిపోతుంది.

లోపాల గడువు మాట రాసేముందు షెడ్యూలు తెరిచి చూడండి. మామూలు మెయింటెనెన్స్ కవర్, మరమ్మతుకు వచ్చినప్పుడు మనవల్ల పనికి జరిగే నష్టానికే వర్తిస్తుంది. నిర్మాణ సమయంలో సైటులో మొదలైన కారణం తర్వాత బయటపడి నష్టం చేస్తే, ఎక్స్‌టెండెడ్ మెయింటెనెన్స్ కవర్ ఉండాలి. అది లేకపోతే లేఖ పంపేలోపే బీమా కంపెనీని అడగండి. పాలసీ గడువు మధ్యలో ముగుస్తుంటే, రెన్యువల్ హామీ కూడా ఒక వాక్యంలో చేర్చండి.

అభ్యాసం: అంచనా విలువ 3 కోట్లు, శాఖ ఇచ్చే సిమెంటు 40 లక్షలు, మీ సైటు పరిమితి 3.25 కోట్లు. ప్రధాన పేరా రాయండి. పరిమితి ఎంత తక్కువ పడిందో, దాన్ని పెంచడానికి బీమా కంపెనీ నుంచి ఏ పత్రం జతచేస్తారో అందులోనే రావాలి.