టెలీప్రాంప్టర్ పాఠాలు - 3: మూడు నిమిషాల వీడియోకి ఎంత స్క్రిప్టు?

పోయినసారి చివర్లో, స్క్రోల్ స్పీడు మీ మాటకి తగ్గట్టు పెట్టుకుని మూడు నిమిషాల వీడియో ఒకటి తీసి పంపండి అన్నాను కదా. పంపారు, అన్నీ చూశాను. సగం మంది ఊపిరి కూడా తీసుకోకుండా గడగడా లాగించేశారు. మిగతా సగం మంది మాట బానే ఉంది గానీ కెమెరా పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు అటే చూస్తూ మాట్లాడారు. అందుకని ఈసారి లైటింగ్ రాద్దామనుకున్నది పక్కన పెట్టేసి ఈ రెండే చూద్దాం. లెన్సు ముందు అక్షరాలు కనపడే గ్లాస్ బిగించడం, మిర్రర్ ఆప్షన్ ఆన్ చేయడం, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు పెట్టడం, ఇవి మళ్ళీ చెప్పను, పాత పాఠంలో ఉన్నాయి.

ముందు గడగడా సంగతి. మారతహళ్ళి నుంచి ఒక తమ్ముడు పంపిన వీడియో తీసుకుంటా, వాడుకోమని తనే అన్నాడు. బెంగళూరుకి ఉద్యోగానికి కొత్తగా వచ్చే మనవాళ్ళు ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు అడ్వాన్సు, అగ్రిమెంటు విషయంలో ఏం చూసుకోవాలనేది టాపిక్, చాలా పనికొచ్చే టాపిక్. స్క్రిప్టు 420 మాటలు, వీడియో 3 నిమిషాలు ఉండాలి. నిమిషానికి 150 మాటలని ఎక్కడో చదివాడట, ఆ లెక్కన 420 మాటలు మూడు నిమిషాల్లోపే అయిపోవాలి, కాబట్టి స్క్రిప్టు సరిపోయిందనుకున్నాడు.

ఆ 150 ఇంగ్లీషు లెక్క అండి. ఇంగ్లీషు వాడు నాలుగైదు ముక్కలుగా చెప్పేది మనం "వచ్చేస్తారనుకున్నాను" అని ఒక్క మాటలో అతికించేస్తాం, ఎంఎస్ వర్డ్ దాన్ని ఒక్కటే అని లెక్కపెడుతుంది, నోటికి మాత్రం అది ఎనిమిది అక్షరాలు. అందుకని తెలుగులో నిమిషానికి వచ్చే మాటల సంఖ్య తక్కువ ఉంటుంది, ఎంత తక్కువనేది మనిషిని బట్టి, రాసే తీరుని బట్టి మారుతుంది. కాబట్టి ఎవరి లెక్క వాళ్ళే తీసుకోవాలి.

ఎలాగంటే, స్క్రిప్టు పక్కన పెట్టేసి అదే విషయం ఫ్రెండ్‌కి ఫోన్‌లో చెప్తున్నట్టు చెప్పండి, రికార్డు చేయండి. మొదటి అర నిమిషం వదిలేయండి, అప్పుడు ఇంకా బిగుసుకుని ఉంటారు. తర్వాతి ఒక్క నిమిషం విని ఉన్నదున్నట్టు టైప్ చేసి మాటలు లెక్కపెట్టండి. మనవాడికి 105 వచ్చింది. ఇప్పుడు చూడండి, 420ని 105తో భాగిస్తే 4 నిమిషాలు. నాలుగు నిమిషాల సరుకుని మూడు నిమిషాల్లో తోస్తే నిమిషానికి 140 మాటలు పలకాలి, అంటే తన మామూలు మాటకంటే మూడో వంతు ఎక్కువ స్పీడు. గడగడా రాక ఏమవుతుంది? తప్పు నోటిది కాదు, స్క్రిప్టుది.

మూడు నిమిషాలకి తనకి 315 మాటలు పడతాయి. అందులోనూ నేనైతే 290 దగ్గర ఆపేస్తా, ఎందుకంటే ప్రశ్న అడిగి ఆగాలి, ఒక ముఖ్యమైన మాట తర్వాత ఆగాలి, ఆ ఆగడాలకి టైమ్ ఎక్కడినుంచో రావాలి కదా. అంటే 130 మాటలు కొట్టేయాలి. తమ్ముడు లబోదిబోమన్నాడు. ఏం పోయిందో చూడండి. స్టాంప్ పేపర్ గురించి ఒక పేరా ఉంది, అది వినేది కాదు చదువుకునేది, వీడియో కింద డిస్క్రిప్షన్‌లో పెట్టించాను. "ఈ వీడియోలో మనం తెలుసుకోబోయేది" అనే నాలుగు లైన్లు మొత్తం తీసేయించాను, నాకు అసలు నచ్చని విషయం అది, తెలుసుకోబోయేదేదో చెప్పేస్తే పోలా. మిగిలింది వాక్యాలు విరగ్గొట్టడంలోనే తగ్గిపోయింది. మొదట ఇలా ఉండేది:

"బెంగళూరు నగరంలో అద్దె నివాసం పొందదలచినవారు సాధారణంగా ఇంటి యజమానులు కోరే 5 నుంచి 10 నెలల అద్దెకు సమానమైన ముందస్తు మొత్తాన్ని దృష్టిలో ఉంచుకోవలసి ఉంటుంది."

మార్చాక ఇలా:

"బెంగళూరులో ఇల్లు చూస్తున్నారా?
అడ్వాన్సు గట్టిగానే అడుగుతారు.
అయిదు నెలల అద్దె అడిగేవాళ్ళున్నారు,
పది నెలలది అడిగేవాళ్ళూ ఉన్నారు."

మొదటిదాంట్లో క్రియ ఎక్కడో చివర ఉంది, అప్పటిదాకా గొంతు ఎక్కడ దించాలో చదివేవాడికే తెలీదు, పైగా ఆ చివరి ముక్క ఇంకా స్క్రీన్ మీదకి వచ్చి ఉండదు. రెండోదాంట్లో ఒక్కో లైను ఒక్కో ఊపిరి. అంకెలు అక్షరాల్లో రాయించాను చూడండి, 5 అని కనపడగానే కొందరి నోట "ఫైవ్" వస్తుంది, సగం వాక్యంలో సర్దుకుంటారు. ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు లిపిలోనే కొట్టండి, లిపి మారిన చోటల్లా కన్ను తడబడుతుంది. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకనే పేరా కూడా రెండు లైన్లయింది: "అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తారు, ఎందుకు? ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి."

ఇక యాప్‌లో స్పీడు ఎంత పెట్టాలని అడక్కండి, ఒక యాప్‌లో 30 అంటే ఇంకో యాప్‌లో 30 కాదు. స్క్రోల్ ఆపేసి, కొత్త స్క్రిప్టుని స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. 2 నిమిషాల 50 సెకన్లు వచ్చిందనుకోండి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా స్క్రోల్ కూడా అంతే టైమ్ తీసుకునేలా పెట్టండి. అటూ ఇటూ అయితే కాస్త నెమ్మది వైపే ఉండనివ్వండి. స్క్రోల్ నెమ్మదిగా ఉంటే మీరు వాక్యం చివర ఆగుతారు, చూసేవాళ్ళకి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. వేగంగా ఉంటే దాని వెనక పరిగెడతారు, వాక్యం చివర గొంతు దిగదు, మధ్యలో గుటకేసినట్టు ఊపిరి వినపడుతుంది. మీ వీడియో విన్నప్పుడు ఈ రెండూ వినపడితే స్పీడు ఎక్కువైనట్టే. ఇంట్లో ఎవరైనా ఉంటే బ్లూటూత్ రిమోట్ వాళ్ళ చేతికిచ్చి, నేను పలుకుతున్న లైను బాణం గుర్తు దగ్గరే ఉంచు, నేను ఆగితే నువ్వూ ఆపు అని చెప్పండి. మా ఇంట్లో ఈ పని మా అమ్మాయిది. గొంతు విని దానంతటదే కదిలే ఆప్షన్ కొన్ని యాప్‌లలో ఉంటుంది, నేను వాడను, మధ్యలో స్క్రిప్టులో లేని మాట ఒకటి అనేస్తాను, అది అక్కడే నిలబడిపోతుంది.

ఇప్పుడు కళ్ళు. నన్ను నిజంగా విసిగించేది ఇది. గ్లాస్ లేకుండా ఫోన్ సెల్ఫీ కెమెరాతో తీసేవాళ్ళంతా ఫోన్ అడ్డంగా పెట్టి తీశారు. యూట్యూబ్‌కి అడ్డం వీడియో కావాలి, నిజమే. కానీ ఫోన్ అడ్డంగా తిప్పగానే లెన్సు ఎక్కడికెళ్ళింది? ఒక చివరికి. అక్షరాలు ఎక్కడున్నాయి? మధ్యలో. లెన్సుకీ అక్షరాల మధ్యకీ సుమారు 7 సెంటీమీటర్లు దూరం, ఫోనేమో చెయ్యంత దూరంలో అంటే అర మీటరులో ఉంది. ఆ కొలతలకి మీ చూపు 8 డిగ్రీలు పక్కకి పోతుంది. మనిషి చూపు కొంచెం కిందికి ఉంటే ఎదుటివాళ్ళు పెద్దగా పట్టుకోరు, పక్కకో పైకో పోతే మాత్రం ఇట్టే పట్టేస్తారు. మీరు పోగొట్టుకున్నది సరిగ్గా ఆ పక్క వైపే.

దీనికి బ్యూటీ ఫిల్టర్లూ పనిచేయవు, కళ్ళు పెద్దవి చేసుకుని చూసినా పనిచేయదు. దారులు రెండున్నాయి. నిలువు వీడియో చాలనుకుంటే ఫోన్ నిలువుగా పెట్టి, అక్షరాల డబ్బాని లెన్సు కిందికి నెట్టి మూడు నాలుగు లైన్లే కనపడేలా చిన్నది చేయండి, చదివే లైను లెన్సుకి 3 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అడ్డం వీడియోనే కావాలంటే అక్షరాల డబ్బాని లెన్సు ఉన్న చివరికి ఆనించి సన్నగా చేయండి, యాప్ ఒప్పుకోకపోతే యాప్ మార్చండి, లేదా గ్లాస్ ప్రాంప్టర్‌కి వెళ్ళండి. లైనుకి రెండు మూడు మాటలే పడతాయి, పడనివ్వండి. ఫోన్‌ని మీటరున్నర దూరం జరిపితే అదే 7 సెంటీమీటర్లు 3 డిగ్రీల లోపుకి వచ్చేస్తుంది, కానీ ఆ దూరంలో ఫోన్ అక్షరాలు చదవడం చాలామందికి కష్టం.

గ్లాస్ ఉన్నవాళ్ళు నాకు ఈ గొడవ లేదనుకోకండి. లెన్సు అక్షరాల వెనకే ఉంటుంది కాబట్టి చూపు దిక్కు సరిగ్గానే ఉంటుంది, కానీ లైను వెడల్పు ఎక్కువైతే కళ్ళు టెన్నిస్ మ్యాచ్ చూస్తున్నట్టు అటూ ఇటూ కదులుతాయి. హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి ఒక అక్క టాబ్లెట్ మీద 20 సెంటీమీటర్ల లైను పెట్టి మీటరు దూరంలో కూర్చున్నారు, ఒక్కో లైనుకి కళ్ళు 11 డిగ్రీలు తిరుగుతున్నాయి. మార్జిన్లు లోపలికి లాగి లైను 10 సెంటీమీటర్లు చేసి, ప్రాంప్టర్ మీటరున్నరకి జరపమన్నాను, 4 డిగ్రీల లోపుకి వచ్చింది. దూరం జరిగితే ఫ్రేములో చిన్నగా కనపడతారు, కెమెరా జూమ్ చేసుకోండి. మైకు మాత్రం కాలర్‌కి పెట్టుకోవాల్సిందే, కెమెరా మైకు అంత దూరం నుంచి బయట ట్రాఫిక్‌ని బాగా పట్టుకుంటుంది, మిమ్మల్ని కాదు. గ్లాస్ వెనక కెమెరాకి కొంచెం వెలుతురు తగ్గుతుంది, ఆ సంగతి లైటింగ్ పాఠంలో.

ప్రాక్టీసు ఈసారి కొంచెం ఎక్కువే. మీ నిమిషం లెక్క తీసి, దాన్నిబట్టి రెండు నిమిషాల స్క్రిప్టు కొత్తగా రాయండి, పాతది కోసి అతికించొద్దు. మొదటి లైను, చివరి లైను కంఠతా పట్టండి, ఆ రెండూ లెన్సులోకే చూసి చెప్పాలి. అదే స్క్రిప్టుని మూడుసార్లు తీయండి: స్టాప్‌వాచ్‌లో వచ్చిన టైముకి ఒకటి, దానికంటే 10 సెకన్లు ఎక్కువ పెట్టి ఒకటి, 10 సెకన్లు తక్కువ పెట్టి ఒకటి. మూడూ ముందు సౌండ్ ఆపేసి ల్యాప్‌టాప్‌లో ఫుల్ స్క్రీన్ పెట్టి కళ్ళు మాత్రమే చూడండి, తర్వాత స్క్రీన్ మూసేసి గొంతు మాత్రమే వినండి. బాగున్నది ఒక్కటే పంపండి. దాంతోపాటు మాటల లెక్క, లైను వెడల్పు, లెన్సుకీ మీకూ మధ్య దూరం టేపుతో కొలిచి రాయండి. కొలతలు లేకుండా వచ్చిన వీడియోలు ఈసారి తెరవను.