సగం అడిగిన ప్రశ్న వెనక అసలు అవసరం రాబట్టడం ఎలా?

“గోదావరి మీద పుస్తకాలున్నాయా మేడమ్?” అని ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది. చాలా గ్రంథాలయాల్లో దీనికి జవాబు బీరువా వైపు చెయ్యి చూపించడమే. ఆ అమ్మాయి అక్కడ పుష్కరాల పుస్తకం తిరగేసి, పద్యాల సంపుటి తిరగేసి, ఖాళీ చేతులతో వెళ్లిపోతుంది. మన దగ్గర పుస్తకం లేక కాదు, మనం రెండో ప్రశ్న వెయ్యక.

కావలసిన సరంజామా తక్కువే: తెల్లకాగితం, పెన్సిల్, పక్కన ఒక కుర్చీ. పాఠకురాలిని కూర్చోబెట్టండి, నిలబడ్డ మనిషి సగమే చెబుతుంది. కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పండి. మాట పూర్తికాకముందే కీబోర్డు మీద చెయ్యి వేయకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

ఇక అందరూ చెడగొట్టేది మొదటి ప్రశ్న దగ్గరే. ఆ తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, “చరిత్రా? భూగోళమా?” అని మన వర్గీకరణను ఆమె ముందు పెట్టడం. రెండిట్లో ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి “చరిత్రే” అంటుంది. అక్కడితో దారి తప్పినట్టే. పాఠకులు తమ అవసరాన్ని ఉన్నదున్నట్టు అడగరనీ, గ్రంథాలయంలో ఏం దొరుకుతుందనుకుంటారో దానికి తగ్గట్టు కుదించి అడుగుతారనీ గ్రంథాలయ శాస్త్ర పండితుడు రాబర్ట్ టేలర్ 1968లోనే రాశాడు. ఆమె ఇప్పటికే కుదించిన ప్రశ్నను మనం ఇంకా కుదిస్తున్నామన్నమాట.

రెండో తప్పు “ఎందుకు?” అనడం. ఇంగ్లిషులో సంగతేమో గానీ, మన దగ్గర బల్ల అవతలి నుంచి వచ్చే “ఎందుకూ?” అన్న మాట నిలదీసినట్టే ఉంటుంది. వైద్యం గురించో కోర్టు వ్యవహారం గురించో అడగడానికి వచ్చినవాళ్లయితే ఆ ఒక్క మాటకే “ఏం లేదండీ, ఊరికే” అని వెనక్కి తిరుగుతారు. దాని బదులు “ఏం పని మీద ఉన్నావమ్మా?” అనండి, పెద్దవాళ్లయితే “దేనికి వాడుకుందామనుకుంటున్నారండీ?” అనండి. ఈ ప్రశ్నలకు అవును, కాదు అన్న జవాబు కుదరదు. ఆమె తన పని గురించి చెప్పాల్సిందే.

అడిగాక ఊరుకోండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు. ఆ మౌనం భరించలేక మనమే అందించే మాట ఆమె నోట జవాబుగా తిరిగొస్తుంది, అదే అసలు చిక్కు.

ఆగితే ఇలా వస్తుంది: “ప్రాజెక్టు మేడమ్. ధవళేశ్వరం ఆనకట్ట గురించి.” ఇక్కడే లేవకండి. డ్యూయీ వర్గీకరణ సంఖ్య 627 కింద ఆనకట్టల ఇంజనీరింగు పుస్తకాలుంటాయి, అవి పట్టుకొస్తే మళ్లీ తప్పే. “అందులో ఏం చూపించాలనుకుంటున్నావు? ఎక్కడ ఆగిపోయావు?” అని అడగండి. “మాది కోనసీమ. ఆనకట్ట కట్టాక మా వైపు పంటలు ఎలా మారాయో రాయాలి. తూర్పు గోదావరి అని వెతికితే పాతవేమీ రావట్లేదు.”

అసలు ప్రశ్న ఇదీ. ఆగిపోయిన చోటు అడగబట్టే ఆటంకం కూడా తెలిసింది. తూర్పు గోదావరి అన్న జిల్లా పేరే 1925లో వచ్చింది, అంతకుముందు అది గోదావరి జిల్లా. ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. కాబట్టి ఆ కాలానికి ఆ పేరుతో వెతికితే ఏమీ తగలదు.

ఇప్పుడు విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి: “అంటే ఆనకట్టకు ముందూ తర్వాతా డెల్టాలో సాగు ఎలా ఉందో కావాలి, కట్టడం గురించి కాదు, అంతేనా?” ఆమె సరిదిద్దితే సంతోషించండి. ఒప్పుకుంటే కాగితం మీద ఒక్క వాక్యంగా రాసి ఆమె వైపు తిప్పండి. మాటకు తలూపే మనిషి రాతలో తప్పు పడుతుంది.

ముక్కుసూటి ప్రశ్నలు ఈ దశలోనే: ఎప్పటికి కావాలి, ఎన్ని పేజీలు, ఇంగ్లిషు చదవగలవా, ఇప్పటికే ఏం చూశావు. పది పేజీల ప్రాజెక్టుకు రెండు మూలాలు చాలు. ఎఫ్.ఆర్. హెమింగ్వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్ ఒకటి, హెన్రీ మోరిస్ 1878లో అదే జిల్లా మీద రాసిన పుస్తకం రెండోది. మోరిస్ కోసం కేటలాగులో Godavery అని కొట్టాలి, ఆ పుస్తకం పేరులో ఉన్న స్పెల్లింగు అదే.

పుస్తకం చేతికిచ్చి వదిలేయకండి. నీటిపారుదల గురించి ఉన్న పేజీ తెరిచిపెట్టి, పావుగంట తర్వాత ఆమె బల్ల దగ్గరికి మీరే వెళ్లండి. “దొరికిందా?” అంటే మొహమాటానికి దొరికిందనేస్తుంది. “ఇందులో ఇంకా ఏం తగ్గింది?” అనండి. “శిస్తు లెక్కలు మేడమ్” అంటే మళ్లీ కాగితం తీయాలి.