మిక్సీ అడుగున అంటించిన చీటీ చదివాకే ప్లగ్ పెట్టండి

మొన్న శనివారం మా అపార్ట్‌మెంట్‌లోకి కొత్తగా దిగిన కుటుంబం ఇంటికి వెళ్లాను. విజయవాడ వాళ్లు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. తలుపు తీయగానే కాలిన వైరు వాసన. బల్ల మీద 750 వాట్ల మిక్సీ, దాని పక్కన అరచేతిలో ఇమిడే ఒక నల్ల పెట్టె. పెట్టె మీద ‘2000 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. జారులో కొబ్బరి సగం నలిగి ఆగిపోయింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వాళ్లమ్మ ఏరి కొనిచ్చిన మిక్సీ అది.

అమెరికాకు వచ్చే మనవాళ్ల ఇళ్లలో ఇది నేను చూస్తూనే ఉన్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన ఊళ్లో గోడకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. కెనడాలో కూడా ఇంతే. లండన్‌కో, సిడ్నీకో, దుబాయ్‌కో, సింగపూర్‌కో వెళ్లేవారికి ఈ బెడద లేదు. అక్కడ కరెంటు దాదాపు మనలాంటిదే కాబట్టి ప్లగ్ పిన్నుల ఆకారం మారిస్తే చాలు. ఈ గొడవంతా అమెరికా, కెనడా లాంటి చోట్లకు వచ్చేవారికే.

అసలు పొరపాటు ఎక్కడ మొదలవుతుందంటే, ల్యాప్‌టాప్ దగ్గర. దిగిన రోజే పది డాలర్లలోపు పిన్ అడాప్టర్ ఒకటి కొంటాం. ల్యాప్‌టాప్ చార్జ్ అవుతుంది, ఫోన్ చార్జ్ అవుతుంది. అడాప్టర్ ఉంటే అన్నీ పనిచేస్తాయనే నమ్మకం కుదురుతుంది. కానీ ఆ చార్జర్ల మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా సర్దుకునేలా చేసిన వస్తువులవి. మిక్సీ తిరగేసి అడుగున ఉన్న చీటీ చూడండి, కుక్కర్‌కూ అలాగే చూడండి. 230 అనో, 220–240 అనో మాత్రమే ఉంటే అది ఇక్కడి గోడకు పనికిరాదు. పిన్ అడాప్టర్ పిన్నులనే మారుస్తుంది, వోల్టేజీ జోలికి అసలు పోదు.

మా మొదటి నెలల్లో ఇంటి నుంచి తెచ్చిన కుక్కర్‌ను అడాప్టర్‌తో పెట్టేవాళ్లం. స్విచ్ పడేది, ఎర్ర లైటు వెలిగేది, అన్నం మాత్రం ఉడికేది కాదు. బియ్యం గోరువెచ్చని నీళ్లలో నాని నాని అడుగున జావ, పైన పలుకు. పిల్లవాడు ఆకలికి ఏడుస్తుంటే బ్రెడ్డు పెట్టి పడుకోబెట్టిన రాత్రులున్నాయి. బియ్యం పాతవేమో, నీళ్లు తేడా ఏమో అని ఎన్నో అనుకున్నాం. కారణం చాలా చిన్న లెక్క. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 700 వాట్ల మన కుక్కర్ ఇక్కడ దాదాపు 190 వాట్లే ఇస్తుంది. రెండు కప్పుల బియ్యం, నాలుగు కప్పుల నీళ్లు మరగడానికి 700 వాట్లతో ఆరేడు నిమిషాలు పడితే, 190 వాట్లతో వేడి ఏమాత్రం బయటికి పోకపోయినా ఇరవై నిమిషాలు దాటుతుంది. నిజానికి వేడి మూత నుంచీ పక్కల నుంచీ పోతూనే ఉంటుంది కాబట్టి ఒక్కోసారి మరుగే రాదు. పాడైందని దాన్ని బాగుచేయించుకోవద్దు. అది పాడవలేదు.

మిక్సీ సంగతి ఇంకా ప్రమాదం. సగం వోల్టేజీకి మోటారు తిరుగుతుంది, కానీ బలం ఉండదు. ఖాళీ జారుతో బాగానే ఉందనిపిస్తుంది. కొబ్బరో, నానిన మినపప్పో వేయగానే బ్లేడు ఇరుక్కుంటుంది. తిరగని మోటారుకు కరెంటు అందుతూ ఉంటే అది లోపలే వేడెక్కుతుంది. మిక్సీ అడుగున ఎర్ర బటన్ బయటికొచ్చి ఆగిపోతే అదృష్టం. వాసన వచ్చిందంటే వైండింగ్ మీద పూత కాలడం మొదలైనట్టే. వెంటనే ప్లగ్ తీసేయండి, మళ్లీ ఒకసారి చూద్దామని మాత్రం పెట్టకండి.

ఇప్పుడు ఆ నల్ల పెట్టె సంగతి. ఇక్కడ నన్ను కాస్త గట్టిగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లు అదే కొంటున్నారు. షాపుల్లో ‘ట్రావెల్ కన్వర్టర్’ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం అమెరికా వాళ్లు యూరప్‌కో ఇండియాకో వెళ్లేటప్పుడు వాడుకోవడానికి చేసినవి. అవి 220ని 110కి దించుతాయి. మనకు కావలసింది 120ని 230కి ఎక్కించేది. దారి పూర్తిగా ఎదురు. పైగా తేలికపాటి పెట్టెల మీద కనిపించే పెద్ద పెద్ద వాట్ల అంకెలు సాధారణంగా హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె లాంటి వేడి వస్తువులకే, అదీ కొద్ది నిమిషాలకే. లోపల ఉండేది కరెంటు అలను కోసి పంపే సర్క్యూట్. మోటారుకు అది సరిపడదు.

నిజమైన స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ వేరే వస్తువు. లోపల ఇనుప కోర్, రాగి తీగ చుట్లు ఉంటాయి. మిక్సీకి సరిపోయేది ఎత్తితే చేయి లాగుతుంది, కిలోల లెక్కలో ఉంటుంది. రెండు వేల వాట్లని రాసిన పెట్టెను ఒక్క చేత్తో ఆడించగలుగుతున్నారంటే ఆ రాతను నమ్మకండి. ఇక ఎంత సైజు కావాలి? మోటారు మొదలైన క్షణంలో మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, 750 వాట్ల మిక్సీకి కనీసం 1500, వీలైతే 2000 వాట్లది తీసుకోవాలి. ఆన్‌లో ఉంటే పని లేకపోయినా అది గుయ్ మంటూ వేడెక్కుతుంది, అందుకని మిక్సీ అయిపోగానే దాని ప్లగ్ కూడా తీసేయాలి. చాలావాటికి వెనక 110, 220 అని స్విచ్ ఉంటుంది. పిల్లలు దాన్ని జరిపితే మిక్సీకి వెళ్లే వోల్టేజీ మారిపోతుంది, కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి.

ఇంత తతంగం చూశాక మీకే అర్థమై ఉంటుంది. రోజూ చట్నీ కోసం ఆ ఇనుప దిమ్మెను మోయడం ఎవరి వల్లా కాదు. డబ్బు కూడా దాదాపు కొత్త మిక్సీ అంత అవుతుంది. నా మాట వింటే ఇక్కడి కరెంటుకు చేసిన, చీటీ మీద 110 వోల్టులని ఉండే మిక్సీ కొనండి. ప్రీతి, విడియమ్, ప్రీమియర్ లాంటి మన కంపెనీలే ఈ దేశం కోసం విడిగా చేస్తున్నాయి. డల్లాస్ వైపు ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్ లాంటి మనవాళ్లున్న చోట ఇండియన్ స్టోర్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇక్కడి బ్లెండర్‌తో సరిపెట్టుకుందామనుకోకండి. అది పళ్లరసానికి బాగుంటుంది, పొడవాటి జగ్గులో రెండు చెంచాల పచ్చికొబ్బరి వేస్తే గోడలకు అంటుకుని కూర్చుంటుంది. కారప్పొడికి, అల్లం వెల్లుల్లికి మన చిన్న జారే కావాలి. వస్తున్నవారి చేత తెప్పించుకుంటే షాపులో ‘ఎక్స్‌పోర్ట్ మోడల్, 110 వోల్టులు’ అని అడగమనండి. బిల్లు కట్టేముందు చీటీ ఫొటో పంపమనండి. పెట్టె మీద ఒకటి, లోపల ఒకటి ఉండటం నేను చూశాను.

టేబుల్ టాప్ గ్రైండర్ విషయంలో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా సరిపోదు. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌లున్న మోటారు, దానికి 50 హెర్ట్జ్ అయినా 60 అయినా ఒకటే. గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు, దాని వేగం హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చలేదు. రాయి ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది, మోటారు కూడా వేడెక్కుతుంది. చీటీ మీద 110 వోల్టులు, 60 హెర్ట్జ్ రెండూ ఉన్నదే తీసుకోండి.

ఇంకొక మాట. బట్టలారబెట్టే మెషీన్ వెనక 240 వోల్టుల సాకెట్ ఉంటుంది కదా, దానికే మన కుక్కర్ తగిలిద్దామని ఒకాయన అడిగారు. వద్దు అన్నయ్యా, దయచేసి వద్దు. అక్కడ రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. మన వస్తువు స్విచ్ ఒక వైరునే తెంచుతుంది, ఆపేసినా రెండోది లోపల సజీవంగానే ఉంటుంది. ఆ లైనుకు 30 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది, మన వస్తువు సన్నని వైరు మండిపోయే లోపు అది పడకపోవచ్చు. పిల్లలున్న ఇల్లు.

రైస్ కుక్కర్ గురించి తలనొప్పి పెట్టుకోనక్కర్లేదు. ఇండియా నుంచి తేవద్దు, ఇక్కడే ఏ పెద్ద స్టోర్‌లోనైనా చవకగా దొరుకుతుంది. కొనేటప్పుడు ఒక్క సంగతి చూసుకోండి. చాలా చవక కుక్కర్ల పెట్టెల మీద రాసే కప్పులు ఉడికిన అన్నం కప్పులు. ‘ఎనిమిది కప్పులు’ అని ఉంటే అందులో పట్టేది నాలుగు కప్పుల బియ్యమే. జోజిరుషి లాంటి జపాన్ కంపెనీలు బియ్యం కప్పులు రాస్తాయి. దాంతో వచ్చే కప్పు సాధారణంగా 180 మిల్లీలీటర్లది, అమెరికన్ కొలత కప్పు దాదాపు 240. ఒకదానితో బియ్యం, ఇంకోదానితో నీళ్లు పోస్తే లెక్క తప్పుతుంది. గిన్నె లోపల గీతలు జపాన్ వాళ్ల పొట్టి బియ్యానికి గీసినవి కాబట్టి సోనా మసూరికి ఆ గీత వరకు పోస్తే పలుకు మిగులుతుంది. కప్పుకు రెండు కప్పులతో మొదలుపెట్టి, రెండో రోజు మీ బియ్యాన్ని బట్టి ఒక గరిటె అటూ ఇటూ చేసుకోండి. నలుగురికి మూడు కప్పులు పోయాలంటే పెట్టె మీద ఎనిమిది ఉన్నదైనా ఇరుకే, పైకి పొంగుతుంది. కొంచెం పెద్దదే తీసుకోండి.

ఇన్ని చెప్పానని భయపడి పోకండి. నిజం చెప్పాలంటే పెద్ద కష్టమేమీ కాదు. ఒక్క శనివారం స్టోర్‌కు వెళ్తే రెండూ ఇంటికొస్తాయి. అవి వచ్చేదాకా స్టవ్ మీద గిన్నెలో గంజి వార్చుకోండి, మీ అమ్మమ్మలు అలాగే వండారు. తెచ్చుకున్న 230 మిక్సీ కాలిపోకపోతే ఇండియా వెళ్లేవారెవరైనా ఉంటే పంపేయండి. దాని జార్లు మాత్రం ఉంచుకోండి, అదే కంపెనీ 110 మోడల్‌కు కింది కప్లర్ సరిపోతుందేమో స్టోర్‌లో పెట్టి చూడండి. సరిపోతే ఒక జారు ఖర్చు మిగులుతుంది. ఇక్కడ కొన్న కుక్కర్‌ను సెలవులకు ఊరికి కానుకగా మోసుకెళ్లాలని మాత్రం అనుకోవద్దు. అక్కడి 230కి తగిలిస్తే దానిలోంచి దాదాపు నాలుగింతల వేడి పుడుతుంది, ప్లేటు కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు.