బోర్డు మార్చాక గేమ్ లైసెన్స్ ఎర్రర్ వస్తే: ఏ ఎర్రర్‌కి ఏ మందు

మా అక్క కొడుకుది ఎంవీపీ కాలనీలో, బీచ్‌కి దగ్గర ఇల్లు. కిటికీ పక్కన పెట్టిన కంప్యూటర్ మదర్‌బోర్డు ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి ఓ రోజు చచ్చిపోయింది. ద్వారకానగర్‌లో కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ వేయించాడు, విండోస్ మళ్లీ ఎక్కించాడు. స్టీమ్‌లో డబ్బులిచ్చి కొన్న గేమ్ మాత్రం తెరుచుకోలేదు. ఆదివారం పొద్దున్నే ఫోన్: "ఏటి మావయ్యా, కొన్న గేమే నాది కాదంటోంది!"

నేను వెళ్లేసరికి వాడి పీసీలో ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి మూడు ఎర్రర్లున్నాయి. ఒకటి బోర్డు మార్చడం వల్ల వచ్చింది. మిగతా రెండూ దాన్ని బాగుచెయ్యబోయి వాడే తెచ్చుకున్నవి. ఈ మూడూ అందరికీ వచ్చేవే కాబట్టి వరసగా చెబుతాను.

ముందుగా ఒక మాట. "లైసెన్స్ ఎర్రర్" అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ గేమ్ తెరుచుకునేలోపు మూడు గుమ్మాలు దాటాలి. మొదటిది స్టీమ్: ఈ అకౌంట్ ఈ గేమ్ కొన్నదా అని చూస్తుంది. రెండోది పబ్లిషర్ లాంచర్, అంటే గేమ్ విడుదల చేసిన కంపెనీ సొంత యాప్: వాళ్ల దగ్గరున్న అకౌంట్‌కి ఈ గేమ్ కట్టి ఉందా అని చూస్తుంది. మూడోది గేమ్‌లోనే ఉండే డెనువో లాంటి రక్షణ: ఈ మెషిన్‌కి అనుమతి ఉందా అని చూస్తుంది. ఏ గుమ్మం దగ్గర ఆగారో తెలియకుండా గేమ్ తీసేసి మళ్లీ దించుకుంటే డేటా ఖర్చు తప్ప ఏమీ ఒరగదు. ఫైళ్లు సరిచూసే "Verify integrity of game files" కూడా ఇక్కడ పనికిరాదు. అది ఫైళ్లు పాడైతే మందు, అనుమతి లేకపోతే కాదు.

లక్షణం: లాగిన్ అవుతున్నట్టే అయి మళ్లీ లాగిన్ పేజీకే వస్తోంది, లేదా సెషన్ గడువు ముగిసిందంటోంది

శనివారం సాయంత్రం మావాడికి మొదట వచ్చింది ఇదే. పాస్‌వర్డ్ కరెక్టే, నెట్ బాగుంది, ఫోన్లో బ్రౌజర్‌లో అదే అకౌంట్ తెరుచుకుంటోంది. పీసీలోని లాంచర్ మాత్రం గిరగిరా తిరిగి మొదటికొస్తోంది.

ఇలాంటప్పుడు నేను ముందు చూసేది గడియారం. కింద మూల టైమ్ సరిగ్గానే ఉంది కదా అన్నాడు. ఉంది. కానీ అది కంటికి కనిపించే టైమ్. విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు టైమ్ జోన్ చాలాసార్లు అమెరికా పసిఫిక్‌లో ఉండిపోతుంది. అప్పుడు గడియారం తప్పు చూపిస్తుంది. మనవాళ్లు జోన్ మార్చరు, ఆటోమేటిక్ ఆపేసి అంకెలు చేత్తో దిద్దేస్తారు. మావాడూ అదే చేశాడు.

దాంతో ఏమయిందో లెక్క చూడండి. మనకి సాయంత్రం 6 అంటే ప్రపంచ ప్రామాణిక సమయం మధ్యాహ్నం 12:30. వాడి పీసీ మాత్రం తను అమెరికా పశ్చిమ తీరంలో ఉన్నాననుకుంటోంది. అక్కడ వేసవిలో సాయంత్రం 6 అంటే ప్రామాణిక సమయం మర్నాడు తెల్లవారుజాము 1 గంట. అంటే మెషిన్ పన్నెండున్నర గంటలు ముందుకెళ్లిపోయింది. లాగిన్ అయినప్పుడు సర్వర్ ఇచ్చే టోకెన్‌కి కొద్ది గంటల గడువే ఉంటే, అది చేతికందేసరికే గడువు తీరిపోయిందని పీసీ అనుకుంటుంది. అందుకే మళ్లీ లాగిన్ పేజీ.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు `tzutil /g` కొట్టండి. `Pacific Standard Time` అని వస్తే దొంగ దొరికినట్టే. సెట్టింగ్స్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా తీసుకునే స్విచ్ మళ్లీ ఆన్ చేసి, తర్వాత ఇవి:

```
tzutil /s "India Standard Time"
net start w32time
w32tm /resync
```

సర్వీస్ ఇప్పటికే నడుస్తోందని రెండో లైన్ చెబితే పట్టించుకోనక్కర్లేదు. రీస్టార్ట్ చేశాక లాంచర్ నిలబడింది. రోజూ పీసీ ఆపేశాక టైమ్ వెనక్కిపోతుంటే మాత్రం అది వేరే సంగతి, బోర్డు మీది సీమాస్ బ్యాటరీ చూసుకోవాలి.

లక్షణం: ఈ స్టీమ్ అకౌంట్ ఇప్పటికే వేరే అకౌంట్‌కి లింక్ అయి ఉందంటోంది, లేదా కీ వాడేశారంటోంది

లాంచర్ నిలబడగానే ఇది బయటపడింది. లాగిన్ కావట్లేదని శనివారం సాయంత్రం మావాడు ఫోన్లో గూగుల్ బటన్ నొక్కి పబ్లిషర్ దగ్గర కొత్త అకౌంట్ తెరిచేశాడట. నన్ను అడిగితే అసలు చెయ్యకూడని పని ఇదొక్కటే.

స్టీమ్ స్టోర్‌లో ఇలాంటి గేమ్‌ల పేజీలో కుడిపక్క "Requires 3rd-Party Account" అని రాసి ఉంటుంది. అంటే స్టీమ్‌లో కొన్నా, మొదటిసారి ఆడిన రోజు పబ్లిషర్ దగ్గర ఏ అకౌంట్‌తో లోపలికి వెళ్లామో ఆ అకౌంట్‌కే గేమ్ కట్టేస్తారు. సాధారణంగా ఆ ముడి ఒక్కసారే పడుతుంది. తర్వాత మరో అకౌంట్‌తో వెళ్తే, స్టీమ్‌లో మీదే అయినా అక్కడ ఆ గేమ్ మీది కాదు.

చాలామంది వెంటనే లింక్ తెంచెయ్యాలనుకుంటారు. తొందరపడకండి. స్టీమ్‌కీ పబ్లిషర్ అకౌంట్‌కీ మధ్య లింక్ వేరు, గేమ్ ఏ అకౌంట్ పేరు మీదుందో అది వేరు. చాలాచోట్ల లింక్ తెంచినా గేమ్ పాత అకౌంట్ మీదే ఉండిపోతుంది, సేవ్‌లూ అక్కడే ఉంటాయి. పైగా కొత్త అకౌంట్‌కి స్టీమ్ లింక్ చేసేస్తే చిక్కు రెట్టింపు.

చెయ్యాల్సింది పాత అకౌంట్ వెతకడం. మావాడికి అసలు గేమ్ ఏ అకౌంట్ మీదుందో గుర్తులేదు. మెయిల్‌లో పబ్లిషర్ పేరు పెట్టి వెతికిస్తే ఇంటర్ చదివేటప్పుడు వాడిన పాత మెయిల్ ఐడీలో వెరిఫికేషన్ మెయిల్ దొరికింది. అదే తేదీన స్టీమ్ రసీదు కూడా ఉంది, కాబట్టి అదేనని రూఢి. పాస్‌వర్డ్ రీసెట్ కొట్టి, లాంచర్‌లో కొత్త అకౌంట్ నుంచి పూర్తిగా లాగౌట్ అయ్యి, పాతదాంతో లోపలికి వెళ్లాం. లాంచర్లు చివరిసారి వాడిన అకౌంట్‌ని గుర్తుపెట్టుకుంటాయి. లాగౌట్ కాకుండా స్టీమ్ నుంచి గేమ్ ఎన్నిసార్లు నొక్కినా ఆ తప్పుడు అకౌంట్‌తోనే తెరుచుకుంటుంది.

పాత మెయిల్ ఐడీయే పోయినవాళ్లకి పబ్లిషర్ సపోర్ట్ ఒక్కటే దారి. టికెట్ పెట్టేముందు రెండు దగ్గర పెట్టుకోండి. స్టీమ్ అకౌంట్ వివరాల్లోని కొనుగోళ్ల చరిత్ర, అంటే `store.steampowered.com/account/history` పేజీ స్క్రీన్‌షాట్ ఒకటి. లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేస్తే Manage కింద CD keys కనిపిస్తే ఆ కీ రెండోది. కీ ఎవరికీ పంపకండి, సపోర్ట్ టికెట్‌లో తప్ప.

లక్షణం: ఒక్క రోజులో మరీ ఎక్కువ కంప్యూటర్ల నుంచి వాడారు, తర్వాత ప్రయత్నించండి అంటోంది

రెండు గుమ్మాలు దాటాం, మూడో దాని దగ్గర ఆగాం. "నాకున్నది ఒక్క పీసీ మావయ్యా" అని మావాడు ఒట్టు కూడా వేశాడు.

డెనువో ఉన్న గేమ్‌ల స్టీమ్ పేజీలో సాధారణంగా "5 different PC within a day machine activation limit" అని ఉంటుంది. అంటే జీవితకాలానికి అయిదు కాదు, రోజుకి అయిదు. గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు మీ మెషిన్ గుర్తులు తీసుకుని నెట్‌లో అనుమతి తెచ్చుకుని దాచుకుంటుంది. గేమ్ తీసేసి మళ్లీ వేస్తే మెషిన్ మారలేదు కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. ప్రాసెసర్ మారినా, విండోస్ తాజాగా ఎక్కినా మాత్రం కొత్త మెషిన్‌గా లెక్క పడొచ్చు, అప్పుడు మళ్లీ నెట్ కావాలి.

శనివారం రాత్రి ఏం చేశావురా అని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. పాత అకౌంట్ లాగిన్ అయి ఉన్న చెల్లి ల్యాప్‌టాప్‌లో ఆడి చూశాడు: ఒకటి. అది స్లో అని గాజువాకలో ఫ్రెండ్ ఇంటికెళ్లాడు. ఆ కుర్రాడు లైనక్స్ వాడతాడు. గేమ్ ఆగి ఆగి ఆడుతోందని, విండోస్ గేమ్‌లని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ వెర్షన్లు మూడు మార్చి చూశారు. కంప్యూటర్ అదే అయినా ప్రోటాన్ వెర్షన్ మారితే డెనువోకి కొత్త మెషిన్‌లాగే కనిపిస్తుంది: నాలుగు. చివరికి విసుగొచ్చి అదే కంప్యూటర్‌లో విండోస్‌లోకి వెళ్లి ఆడారు: అయిదు. మర్నాడు పొద్దున వాడి సొంత పీసీ ఆరోది.

దీనికి మందు ఏమీ లేదు, 24 గంటలు ఆగడమే. సపోర్ట్‌కి రాసినా సాధారణంగా ఆగమనే చెబుతారు. ఆదివారం రాత్రి 11 దాటాక ఒక్కసారి నొక్కితే తెరుచుకుంది.

ఇలాంటివేమీ చెయ్యకుండానే ఈ మెసేజ్ వస్తే అకౌంట్ వేరేవాళ్ల చేతిలో ఉందని అనుమానించండి. స్టీమ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద అనుమతి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది. తెలియనిది కనిపిస్తే అన్నిటినీ తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, లాగిన్‌కి రెండో కోడ్ అడిగే స్టీమ్ గార్డ్ పెట్టుకోండి.

ఇక టెలిగ్రామ్‌లో రెండొందలకి "ఆఫ్‌లైన్ యాక్టివేషన్" కొన్నవాళ్లకి ఈ పద్ధతులేవీ పనిచెయ్యవు. వాళ్లు అమ్మేది గేమ్ కాదు, పదిమందికి అమ్మిన ఒకే స్టీమ్ అకౌంట్. ఒకసారి లాగిన్ చేయించి, మెషిన్ అనుమతి తెచ్చి, ఆఫ్‌లైన్‌లో పెట్టిస్తారు. బోర్డు మారిన రోజు ఆ అనుమతి చెల్లదు, మళ్లీ అడగాలంటే అకౌంట్ మీది కాదు, రోజుకున్న అయిదు చోట్ల కోసం మిగతావాళ్లతో పోటీ. అమ్మినవాడు ఫోన్ ఎత్తితే అదృష్టం.

పాత డిస్క్ గేమ్‌ల సంగతి వేరు. 2008లో వచ్చిన స్పోర్‌కి మొదట మూడు యాక్టివేషన్లే ఇచ్చారు, గొడవయ్యాక అయిదు చేశారు. అవి రోజుకి కాదు, మొత్తం మీద. అలాంటి గేమ్‌లకి పాత బోర్డు బతికుండగానే ఆ మెషిన్‌ని లెక్కలోంచి తీసే డీఆథరైజ్ టూల్ నడపాలి, బోర్డు చచ్చాక ఆ చోటు పోయినట్టే. సేఫ్‌డిస్క్ రక్షణ ఉన్న డిస్కులయితే విండోస్ 10 నుంచి అసలు నడవవు, మైక్రోసాఫ్ట్ ఆ డ్రైవర్‌కి సపోర్ట్ తీసేసింది. అక్కడ లిమిట్ గురించి ఆలోచించడమే అనవసరం.

మావాడి పీసీని కిటికీ దగ్గర్నుంచి లోపలి గదిలోకి జరిపించి వచ్చాను.