మీటింగులో అందరూ మాట్లాడినా ఐడియాలు ఒకే రకంగా వస్తున్నాయా? ముందు రాయించి చూడండి

ఒక మాదిరి ప్రైవేటు ఆసుపత్రి అనుకుందాం. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఓపీ కౌంటరు దగ్గర నిలబడటానికి చోటుండదు. రద్దీ ఎలా తగ్గించాలా అని ఆరుగురు కూర్చున్నారు. అడ్మినిస్ట్రేటర్ గారు, రిసెప్షన్ అమ్మాయి, బిల్లింగ్ చూసే ఆయన, ఓపీ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ ఇన్‌ఛార్జి. కింద చెప్పే ఇబ్బందులన్నీ ఈ ఆరుగురి మీదే చూద్దాం. మీ టీమ్ పని వేరైనా ఇబ్బందులు దాదాపు ఇవే.

## లక్షణం: గంట మాట్లాడారు, పాయింట్లు చాలానే వచ్చాయి, అన్నీ ఒకే దారిలో ఉన్నాయి

"ఇంకో కౌంటరు తెరిస్తే సరిపోతుంది" అన్నారు ఒకరు. ఆ తర్వాత పెద్దవాళ్లకు వేరే కౌంటరు, పాత పేషెంట్లకు వేరే కౌంటరు, కౌంటర్లో ఇంకో మనిషి, కౌంటరు అరగంట ముందే తెరవడం. బోర్డు నిండింది. కానీ అక్కడున్నది ఒక్క ఐడియానే, వేషాలు మాత్రం నాలుగైదు.

మీ టీమ్‌లో ఇలా జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే ఐడియాలు లెక్కపెట్టకండి, రకాలు లెక్కపెట్టండి. మీటింగులో లేని మనిషికి పాయింట్లన్నీ చీటీల మీద రాసిచ్చి, ఒకేలాంటివి ఒక కుప్పగా వేయమనండి. ఇరవై చీటీలకు మూడు కుప్పలే తేలితే జబ్బు ఇదే.

కారణం. చాలామంది దీన్ని బిడియం అనుకుంటారు. బిడియమూ ఉంది, కానీ పెద్ద కారణం అంతకంటే మామూలుది: ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. నర్సుకు ఒక ఆలోచన తట్టింది. బిల్లింగ్ ఆయన మాట ఇంకా అవ్వలేదు. తన వంతు వచ్చేదాకా ఆమె దాన్ని మర్చిపోకుండా మనసులో పట్టుకుని కూర్చోవాలి. పట్టుకున్నంతసేపూ కొత్తది తట్టదు. పైగా ఆయన మాటలు చెవిన పడుతుంటే ఆమె ఆలోచన కూడా కౌంటరు వైపే జారుతుంది.

ఇది పరిశోధనల్లోనూ తేలిన విషయమే. బ్రెయిన్‌స్టార్మింగ్‌ను ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ అడ్వర్టైజింగ్ రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బోర్న్. విమర్శ వద్దు, సంఖ్య పెంచండి, వింతవైనా చెప్పండి, ఒకరిది పట్టుకుని ఇంకొకరు పెంచండి అన్నవి ఆయన నియమాలు. 1958లో యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఆ నియమాలతోనే నలుగురిని కలిపి కూర్చోబెట్టి చూశారు. విడివిడిగా పనిచేసిన నలుగురి ఐడియాలను ఒకచోట చేర్చి, ఒకేలాంటివి తీసేసి పోల్చారు. విడివిడిగా చేసినవాళ్లవే దాదాపు రెట్టింపు వచ్చాయి. 1987లో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె కారణం వెతికారు. మనుషులను వేరువేరు గదుల్లో ఉంచి, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగేలా లైట్లు పెట్టారు. అవతలివాళ్ల మాట వినిపించకపోయినా, కేవలం ఆగాల్సి వచ్చినందుకే ఐడియాలు బాగా తగ్గిపోయాయి.

అందుకే "అందరూ ఫ్రీగా మాట్లాడండి" అని ఎంత చెప్పినా ఇది తగ్గదు. అడ్డం పడుతున్నది వంతు. వంతు లేకుండా చేయాలంటే అందరూ ఒకేసారి రాయాలి.

పరిష్కారం. రాసిన కాగితాన్ని పక్కవాళ్లకు అందించే పద్ధతి ఒకటుంది. జర్మనీకి చెందిన బెర్న్ట్ రోర్‌బాఖ్ 1960ల చివర్లో పెట్టిన 6-3-5 ఇది. ఆరుగురు మనుషులు, ఒక్కొక్కరు మూడేసి ఐడియాలు, ఒక్కో వంతుకు ఐదు నిమిషాలు. అరగంటలో ఆరు వరసలు నిండుతాయి, ఒక్కో కాగితం ఐదుసార్లు చేతులు మారుతుంది. లెక్క ప్రకారం 108 ఐడియాలు రావాలి. అన్నీ రావు, వచ్చినవాటిలో ఒకేలాంటివీ ఉంటాయి. ఫర్వాలేదు, మనకు కావలసింది రకాలు.

ఒక్కొక్కరికి ఏ4 కాగితం ఇవ్వండి. పైన ప్రశ్న, కింద మూడు నిలువు గడులు, ఆరు వరసలు. అందరికీ ఒకే రంగు పెన్ను, పేర్లు వద్దు. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా సరే, గడికి ఒక వాక్యం చాలు. మొదటి వరసలో ఎవరి మూడు వాళ్లు రాస్తారు. టైమ్ అవగానే కాగితం కుడిపక్కకు వెళ్తుంది. వచ్చిన కాగితం మీదున్నవన్నీ చదివి, కింది వరసలో మూడు రాయాలి. పైదాన్ని పెంచవచ్చు, తిప్పేయవచ్చు, సంబంధం లేనిదీ రాయవచ్చు. మాట మాత్రం ఉండకూడదు, "ఇదేం రాశావ్" అన్న నవ్వు కూడా. చివరి వరసలకు వచ్చేసరికి చదవాల్సింది ఎక్కువవుతుంది కాబట్టి నేనైతే మొదటి రెండు వరసలకు నాలుగు నిమిషాలు, చివరి రెండింటికి ఆరు ఇస్తాను.

మన ఆసుపత్రిలో ఒక కాగితం మీద మొదటి గడి ఎలా కిందికి దిగిందో చూడండి.

రిసెప్షన్ అమ్మాయి రాసింది: "పొద్దున వచ్చేవాళ్లలో చాలామంది రిపోర్టు చూపించడానికే వస్తారు. వాళ్లనూ అదే క్యూలో నిలబెడుతున్నాం." కాగితం ల్యాబ్ టెక్నీషియన్ చేతికి వచ్చింది. "రిపోర్టు రెడీ కాకముందే వచ్చి కూర్చుంటున్నారు. రెడీ అయ్యాకే మెసేజ్ పంపి, అందులోనే టైమ్ ఇద్దాం." నర్సు దాని కింద, "ఆ టైమ్ మధ్యాహ్నం ఇస్తే మంచిది, డాక్టరుగారికి అప్పుడు కాస్త ఖాళీ ఉంటుంది." తర్వాత ఫార్మసీ ఇన్‌ఛార్జి, "రిపోర్టు నార్మల్‌గా ఉండి, అవే మందులు కొనసాగించాలని డాక్టరుగారు చెబితే మనిషి రావడం దేనికి? ఫోన్‌లో చెప్పి, మందులు ఇక్కడ సిద్ధంగా పెడతాం."

కౌంటరు మాటే లేదు. క్యూ వేగంగా కదలాలన్న ప్రశ్న, అసలు క్యూలో ఎవరుండాలన్న ప్రశ్నగా మారింది. రిసెప్షన్ అమ్మాయికి ఆ సంగతి రోజూ తెలుసు. అడ్మినిస్ట్రేటర్ గారు కౌంటరు గురించి మాట్లాడుతుండగా మధ్యలో అందుకుని చెప్పేంత చోటు ఆమెకు దొరకలేదు, అంతే.

విడిగా రాయించి చివర్లో చదివితే సరిపోదా అంటే, అదీ మాట్లాడటం కంటే మెరుగే. కానీ ఒకరు రాసింది ఇంకొకరు చదివితేనే ల్యాబ్ సంగతి, ఫార్మసీ సంగతి ఒకే గడి కింద కలిశాయి. కాగితాలు చేతులు మారేలా రాసిన బృందాలు విడిగా రాసినవాళ్లను దాటగలవని పాల్ పౌలస్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు చూపించారు. అయితే వచ్చినదాన్ని నిజంగా చదవాలి. చదవకుండా తమ గడి నింపేస్తే ఆ లాభం పోయినట్టే.

## లక్షణం: సార్ మాట్లాడాక ఇంకెవరూ నోరు విప్పరు

కారణం అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. కాగితం మీద పేరు లేకపోవడంతో సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం చేతిరాతతో ఉంటుంది. ఆరుగురే ఉన్నచోట ఎవరి రాతో ఇట్టే తెలిసిపోతుంది. అది ఇబ్బంది అనిపిస్తే వరసకొక చీటీ చొప్పున రాయించి, మధ్యలో ఉన్న బుట్టలో వేయించి, ఎవరికి ఏది దొరికితే అది తీసుకోమనండి. సార్ కూడా రాయాలి, కానీ ప్రశ్న చదివి వినిపించే పని ఆయనకు ఇవ్వకండి. ప్రశ్నతో పాటే జవాబు కూడా చెప్పేస్తారు.

## లక్షణం: రాయించినా ఒకే రకం వచ్చాయి

ఇక్కడ తప్పు తరచూ ప్రశ్నలోనే ఉంటుంది. "కౌంటరు దగ్గర రద్దీ ఎలా తగ్గించాలి?" అని రాస్తే ఆరుగురూ కౌంటరు గురించే రాస్తారు. "పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఓపీకి వచ్చినవాళ్లు తక్కువసేపు ఎదురుచూడాలంటే ఏమేం మారాలి?" అంటే చోటు, సమయం, మనిషి, కాగితం, ఫోన్ అన్నింటికీ దారి దొరుకుతుంది. మరీ విశాలంగా "ఆసుపత్రి సేవలు ఎలా మెరుగుపరచాలి?" అన్నా పనికిరాదు. అప్పుడు ఏసీ, తాగునీరు, పార్కింగ్ వస్తాయి.

రెండో కారణం ఉదాహరణ. "ఉదాహరణకు టోకెన్ మిషన్ లాంటివి" అని నిర్వాహకుడు ఒక్క మాట అంటే చాలు, టోకెన్లే పుట్టుకొస్తాయి. ఇంజినీర్లకు డిజైన్ పని ఇచ్చి ముందే నమూనా చూపిస్తే, దానిలో లోపాలతో సహా అందులోని అంశాలనే తమ బొమ్మల్లో పెట్టారని 1991లో జాన్సన్, స్మిత్ ప్రచురించిన ప్రయోగాల్లో కనిపించింది. పద్ధతి అర్థం కావాలంటే ఉదాహరణ వేరే విషయం నుంచి ఇవ్వండి. వినాయక చవితికి చందా వసూలు గురించి ఒక వరస రాసి చూపిస్తే సరి.

ఆన్‌లైన్‌లో చేసేటప్పుడు మూడో కారణం వస్తుంది. ఒకే షీట్‌లో అందరూ రాస్తుంటే ఒకరు టైప్ చేస్తుండగానే మిగతావాళ్లు చూస్తారు. మొదటి వరసైనా ఎవరికి వారు వేరే ఫైల్‌లో రాయాలి. రెండో వరస నుంచి ఫైల్ లింకులు మార్చుకోవచ్చు.

## లక్షణం: మూడో గడి ఖాళీగా ఉండిపోతోంది

నాలుగో వరస తర్వాత ఇది మామూలే. తోచనప్పుడు గడికి గీత పెట్టి పంపమనండి. బలవంతంగా నింపిస్తే "స్టాఫ్‌కు శిక్షణ ఇవ్వాలి" లాంటివి వస్తాయి. ఎక్కడ అడిగినా పనికొచ్చేవి, ఎక్కడా పనికిరానివి అవే. రెండో వరసలోనే ఖాళీలు వస్తే మాత్రం ప్రశ్న వాళ్లకు తెలిసిన పనికి దూరంగా ఉన్నట్టు. ఆపి, ప్రశ్న మార్చి మళ్లీ మొదలుపెట్టండి.

## లక్షణం: అరవై ఐడియాలు వచ్చాయి, చివరికి మళ్లీ "ఇంకో కౌంటరు"నే ఎంచుకున్నారు

రాత పద్ధతి ఇక్కడ సాయం చేయదు. ఐడియాలు ఎక్కువ పుట్టించినవాళ్లు ఎంపిక కూడా బాగా చేస్తారన్న హామీ ఏమీ లేదు. ఎంచమంటే మనుషులు వెంటనే చేయగలిగినదాన్ని, అలవాటైనదాన్ని పట్టుకుంటారు.

అందుకని ఎంపిక అదే రోజు చేయకండి. కాగితాలు కత్తిరించి కుప్పలుగా పెట్టండి, కుప్పకు పేరు పెట్టండి. మర్నాడు నచ్చినవాటి పక్కన అంటించడానికి ఒక్కొక్కరికి రెండు రంగుల చుక్కల స్టిక్కర్లు, రంగుకు మూడేసి ఇవ్వండి. ఈ వారమే చేయగలిగేవాటికి ఒక రంగు, ఇప్పటిదాకా మన దగ్గర ఎవరూ అననివాటికి ఇంకో రంగు. సార్ చుక్కలు అందరూ పెట్టాకే పెడతారు. రెండో రంగులో పైకి వచ్చినవాటిలో ఒకదాన్ని చిన్నగా చేసి చూడాలని ముందే ఒప్పుకోండి. మన ఆసుపత్రిలో అయితే ఒకే డాక్టరు రిపోర్టు పేషెంట్లకు రెండు వారాలు మధ్యాహ్నం టైమ్ ఇచ్చి, పొద్దున క్యూలో ఎంతమంది తగ్గారో రిసెప్షన్ రిజిస్టర్‌లో చూసుకోవచ్చు. నార్మల్ రిపోర్టు ఫోన్‌లో చెప్పాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాల్సిన సంగతి, దాన్ని చుక్కలతో తేల్చకూడదు.

నోటితో మాట్లాడే సమయం కూడా ఇదే. కుప్పలు తేలాక, "మెసేజ్ చదవడం రాని పెద్దవాళ్ల సంగతేంటి?" అని నర్సు అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద కంటే ఆరుగురి మధ్య మాటల్లో త్వరగా దొరుకుతుంది.