సమస్య - పరిష్కారం: అమ్మోనియా ట్యాంకులో ఐడియల్ గ్యాస్ ఒకటంటుంది, పెంగ్-రాబిన్సన్ ఇంకోటంటుంది, గేజ్ మరోటి చూపిస్తుంది

లక్షణం. 100 లీటర్ల ట్యాంకు, లోపల 10 కిలోల అమ్మోనియా, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. ఐడియల్ గ్యాస్ సూత్రం 146.5 బార్ అంటుంది. రియల్ గ్యాస్‌లకి వాడే పెంగ్-రాబిన్సన్ సమీకరణం 15.6 బార్ ఇస్తుంది. గేజ్ మీద ముల్లు 9.6 దగ్గర నిలబడి ఉంటుంది. పైడిభీమవరం వైపు ప్లాంట్లలో గానీ, శ్రీకాకుళం తీరాన ఐస్ ఫ్యాక్టరీలో గానీ ఈ లెక్క వేసినవాళ్లు మొదట అనేమాట "గేజ్ పోయిందండీ". గేజ్ విప్పకండి, అది బాగానే ఉంది.

ముందు చూడాల్సినవి. ఉష్ణోగ్రత కెల్విన్‌లో పెట్టారా? గేజ్ రీడింగుకి వాతావరణ పీడనం 1 బార్ కలిపారా? `R`, `a`, `b` మూడూ ఒకే యూనిట్లలో ఉన్నాయా? ఇవి చూడకుండానే సమీకరణాన్ని తిట్టేవాళ్లే ఎక్కువ. ఘనపు సెంటీమీటర్లు, బార్‌లలో అయితే `R` 83.14.

అసలు కారణం. పై మూడూ సరిగ్గా ఉన్నా తేడా వస్తోందంటే, మీరు రెండు దశలున్న ట్యాంకు మొత్తం ఘనపరిమాణాన్ని ఒకే దశ అనుకుని సమీకరణంలో పెట్టారు. అమ్మోనియా క్రిటికల్ ఉష్ణోగ్రత 405.4 కెల్విన్. 300 దగ్గర సంతృప్త ఆవిరి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 8.2 కిలోలే. అంటే 100 లీటర్లలో 0.8 కిలో వరకే అంతా ఆవిరిగా ఉండగలదు. ఆపైన వేసినదాంట్లో కొంత అడుగున ద్రవంగా కూర్చుంటుంది. పెంగ్-రాబిన్సన్ లాంటి క్యూబిక్ సమీకరణానికి ఈ సంగతి తెలీదు. సగటు ఘనపరిమాణం ఇస్తే ఏదో ఒక సంఖ్య చెప్పేస్తుంది.

మోసం ఎక్కడంటే ఆ సంఖ్య నమ్మేలా ఉంటుంది. 15.6 చూసి "రియల్ గ్యాస్ కదా, తగ్గింది" అనుకుని, 15.6ని 146.5తో భాగించి కంప్రెసిబిలిటీ ఫ్యాక్టర్ Z = 0.11 అని రిపోర్టులో రాసేస్తారు. అది ఏ దశకీ చెందిన Z కాదు. పట్టుకోవడానికి బరువు మార్చి చూడండి:

```python
R, T = 83.14, 300.0
A, b = 5.593e6, 23.145   # A = a*alpha
for kg in (0.5, 8, 10, 25):
    V = 100e3 / (kg*1000/17.03)
    P = R*T/(V-b) - A/(V*V + 2*b*V - b*b)
    print(kg, round(R*T/V, 1), round(P, 1))
```

8 కిలోలకి 29.1 బార్, 10 కిలోలకి 15.6, 25 కిలోలకి మైనస్ 216 వస్తాయి. సరుకు పెంచితే పీడనం పడిపోవడమేంటి? అలా పడిపోతోందంటే మీరు వక్రరేఖలో అస్థిర భాగం మీద ఉన్నారు. మైనస్ వస్తే ఎవరైనా ఆగుతారు, 15.6 దగ్గర మాత్రం ఆగరు.

అర కిలో వరస చూడండి: ఐడియల్ 7.3, పెంగ్-రాబిన్సన్ 6.9, Z దాదాపు 0.94. అక్కడ ట్యాంకు నిండా ఆవిరే, కాబట్టి పోల్చడం న్యాయమే. రియల్ గ్యాస్ తేడా అంటే ఇక్కడ ఈ ఆరు శాతమే. 146కీ 10కీ మధ్య ఉన్నదాంట్లో చాలావరకు ద్రవీభవనం.

పరిష్కారం. ఉష్ణోగ్రత క్రిటికల్ కంటే తక్కువైతే ముందు బరువుని ఘనపరిమాణంతో భాగించండి. సంతృప్త ఆవిరి, సంతృప్త ద్రవ సాంద్రతల మధ్య (ఇక్కడ 8.2, 600) పడితే ఘనపరిమాణం పక్కన పెట్టి, పీడనం నుంచి మొదలెట్టండి. ఒక పీడనం ఊహించి, Z కోసం క్యూబిక్ సాధించండి. మూడు మూలాల్లో మధ్యది వదిలేసి, చిన్నది ద్రవానికి, పెద్దది ఆవిరికి తీసుకోండి. మూడు రాకపోతే ఊహ మార్చండి. రెండింటికీ ఫ్యుగాసిటీ లెక్కగట్టి, ద్రవ ఫ్యుగాసిటీని ఆవిరి ఫ్యుగాసిటీతో భాగించి పాత పీడనాన్ని దాంతో గుణించండి. రెండూ సమానమయ్యేదాకా తిప్పితే 10.6 బార్‌కి దగ్గరగా ఆగుతుంది. ఒక బార్ తీసేస్తే గేజ్ చెప్పినదే. 2 కిలోలున్నా 40 కిలోలున్నా 300 కెల్విన్ దగ్గర పీడనం ఇదే. అందుకే గేజ్ చూసి ట్యాంకులో ఎంత మిగిలిందో చెప్పలేం. దానికి కాటాయో లెవెల్ గ్లాసో కావాలి.

ఒక్క జాగ్రత్త. పెంగ్-రాబిన్సన్ సంతృప్త పీడనం బాగానే ఇస్తుంది గానీ అమ్మోనియా ద్రవ సాంద్రతని పదో వంతు తక్కువ చూపిస్తుంది: 600కి బదులు 535 దరిదాపుల్లో. ట్యాంకులో ద్రవ మట్టం లెక్కకి దాన్ని వాడకండి, పట్టిక చూడండి.

ఏసెంట్రిక్ ఫ్యాక్టర్ మూడో దశాంశం, SRK అనే ఇంకో క్యూబిక్ సమీకరణానికి మారడం, అమ్మోనియాలో కాస్త నీరు: వీటివల్ల 15.6 రాదు. అవి తర్వాత చూసుకోవచ్చు.